కళ్ళకలక దగ్గర మొదలుపెట్టి: ఒక ఆరోగ్య పుస్తకంలో ల–ళలు సరిచూసిన తీరు

ఇంటి ఆరోగ్యం మీద 96 పేజీల చిన్న పుస్తకం ఒకటి ప్రూఫు దిద్దడానికి నా దగ్గరికి వచ్చింది. డాక్టర్లు చేత్తో రాసిచ్చిన పాఠాన్ని ఇద్దరు టైపు చేశారు. తర్వాత ఇంకొకరు ఒకసారి చదివి, కనబడిన తప్పులు దిద్దారు. నాకు వచ్చింది ఆ దిద్దిన ఫైలే. మిగతా అచ్చుతప్పులు పెద్దగా లేవు కానీ ల, ళల సంగతి మాత్రం పూర్తిగా చెదిరిపోయి ఉంది.

ఇలాంటి పుస్తకంలో ఈ చిక్కు ఎక్కువ రావడానికి కారణం ఉంది. మన ఒంట్లో రెండేసిగానో గుంపుగానో ఉన్న భాగాల పేర్లు చాలావరకు బహువచనంలో ళ వైపు తిరుగుతాయి. కాలు, కాళ్ళు. వేలు, వేళ్ళు. కీలు, కీళ్ళు. కన్ను, కళ్ళు. పన్ను, పళ్ళు. గోరు, గోళ్ళు. ఏకవచనంలో ఒక అక్షరం, బహువచనంలో ఇంకో అక్షరం. ఒకే పేజీలో రెండు రూపాలూ వస్తాయి, రెండూ సరైనవే. అందుకని 'కాలు'ను చూసి 'కాల్లు' అనీ, 'ముళ్ళు'ను చూసి ఒక్కదానికీ 'ముళ్ళు' అనీ రాసేస్తారు. ఇక కళ్ళకలక లాంటి మాటలున్నాయి. అందులో మొదట ళ్ళ, తర్వాత ల. ఫైలులో ఆ మాట 'కల్లకలక', 'కళ్ళకళక', 'కళ్ళకలక' అని మూడు రకాలుగా కనబడింది. మొదటిది ళ పలకని నోటి నుంచి వచ్చిన తప్పు. రెండోది ముందున్న ళ పక్క అక్షరాన్ని కూడా లాగేసిన తప్పు. కళాశాలను 'కళాశాళ' అని రాసేదీ ఇలాగే.

నాకు అసలు అనుమానం తెప్పించిన వాక్యం వేరే ఉంది: "రోజూ కళ్ళు తాగేవారిలో కాళేయం త్వరగా దెబ్బతింటుంది." తాగేది కల్లు, దెబ్బతినేది కాలేయం. రెండు చోట్లా ల ఉండాల్సింది, రెండు చోట్లా ళ ఉంది. ళ పలకడం రానివాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇది కాదు, వాళ్ళు చాలావరకు ళ ఉన్నచోట ల రాస్తారు. ఇంకాస్త ముందుకు వెళ్తే "పిక్కళ్ళో నొప్పి", "ఔషధ మొక్కళ్ళో", "కడుపులో కళ్ళోలం" అని కనబడ్డాయి. ఏ మనిషీ పిక్కల్లో అన్న మాటను పిక్కళ్ళో అని టైపు చేయడు. ఇది ఫైండ్–రీప్లేస్ చేసిన పని.

ఎలా జరిగిందో చెప్తాను, ఎందుకంటే తెలుగులో ఈ ప్రమాదం కంటికి కనబడదు. దిద్దినాయన ఫైలులో 'కల్లు', 'కల్లకు', 'కల్లలో' అని చాలాచోట్ల చూశాడు. ఒక్కో రూపాన్నీ విడివిడిగా మార్చడం ఎందుకని కొన్ని అధ్యాయాల్లో 'కల్ల' అని వెతికి కనబడినచోటల్లా ఒకేసారి 'కళ్ళ' అని మార్చాడు. మనకు 'కల్లు', 'కల్లో' అనేవి వేరువేరు అక్షరాలతో ఉన్నట్టు కనబడతాయి కానీ కంప్యూటర్‌కు గుణింతం గుర్తు విడి అక్షరం. 'కల్ల' అన్న వరుస తర్వాత ఉకారం వచ్చినా, ఓకారం వచ్చినా దానికి దొరికినట్టే. అలా 'మొక్కల్లో'లో ఉన్న 'కల్ల', 'లెక్కల్లో'లో ఉన్న 'కల్ల', 'కల్లోలం'లో ఉన్న 'కల్ల' అన్నీ మారిపోయాయి. తాగే కల్లు కూడా కళ్ళు అయిపోయింది. ల–ళల విషయంలో అన్నిచోట్లా ఒకేసారి మార్చే బటన్ నొక్కకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే. పూర్తి మాటగా వెతకాలి, దొరికిన ప్రతిచోటా వాక్యం చదివి ఒక్కొక్కటే మార్చాలి.

దిద్దడం మొదలుపెట్టే ముందు తప్పులను కారణాలవారీగా విడగొట్టాను. కారణం తెలిస్తే ఇంకెక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇద్దరు టైపిస్టుల అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా ఉంది. ఒకరి అధ్యాయాల్లో 'రక్తనాళాలు' చాలాసార్లు సరిగ్గానే ఉండి, మధ్యలో ఒకటి రెండు చోట్ల 'రక్తనాలాలు' అయింది. ఇది వేలి తప్పు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో n నొక్కితే ల, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ళ. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతుల్లోనూ సాధారణంగా చిన్న l అంటే ల, పెద్ద L అంటే ళ. షిఫ్ట్ సరిగ్గా పడకపోతే ళ పోయి ల వస్తుంది. ఇలాంటి తప్పు అక్కడక్కడా చెదురుగా ఉంటుంది, అదే మాట మిగతాచోట్ల సరిగ్గా ఉంటుంది.

రెండోవారి అధ్యాయాల్లో అలా కాదు. 'మందు బిల్లలు' అని రాస్తే చివరిదాకా బిల్లలే. 'గవదబిల్లలు' కూడా అంతే. 'మల్లీ', 'వెల్లాలి', 'పల్లెం' అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఇది నోటి నుంచి చేతికి వచ్చిన తప్పు. ఆ మనిషి మాటలో ల, ళ ఒకటే. విచిత్రం ఏమిటంటే అదే అధ్యాయాల్లో 'మెళ్ళగా', 'వెళ్ళడించాలి', 'నాళుక', 'మళబద్ధకం', ఇందాకటి 'కాళేయం' కూడా ఉన్నాయి. తనకు ళ సరిగ్గా రాదని తెలిసినవాళ్ళు, కాస్త గంభీరంగా అనిపించిన మాటలో ళ పెట్టేస్తే క్షేమం అనుకుంటారు. మెల్లగా, వెల్లడించాలి, నాలుక, మలబద్ధకం, కాలేయం అన్నీ ల మాటలే. ఎవరి రాతలోనైనా ళ లోపించిన చోట్లు చాలా కనబడితే, అదే రాతలో అక్కర్లేని ళలు కూడా ఉంటాయని లెక్కేసుకుని వెతకాలి. ఒక దిక్కున మాత్రమే వెతికితే సగం తప్పులు మిగిలిపోతాయి.

పని మొదలైంది అసలు ఉండకూడని వరుసలతో. తెలుగు మాట ఏదీ ళతో మొదలవదు. ల కింద ళ ఒత్తు ఎప్పుడూ రాదు. కాబట్టి 'కాల్ళు' లాంటివి, మాట మొదట్లో ళ ఉన్నవి ఆలోచించకుండా తప్పని పట్టుకోవచ్చు:

```
grep -nP '(^|\s)ళ|ల్ళ' pustakam.txt
```

దీంతో దొరికేవి తక్కువే. మాట మొదట్లో ళ కనబడితే చాలాసార్లు అది అక్షరం తప్పు కాదు, మాట మధ్యలో ఖాళీ పడి విడిపోయిందని అర్థం: 'రక్తనా ళాలు' లాగ.

ఇక్కడే ఇంకో విషయం పక్కన పెట్టాలి. కళ్ళు అని రాయాలా, కళ్లు అని రాయాలా అన్నది ల–ళ తప్పు కాదు. ళ కింద ళ ఒత్తు రాసేవాళ్ళున్నారు, ల ఒత్తు రాసేవాళ్ళున్నారు, రెండూ అచ్చులో ఉన్నాయి. పుస్తకం మొత్తం ఒకే పద్ధతి ఉండాలి, అంతే. ఈ ఫైలులో రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి 'ళ్ల' ఉన్నచోటల్లా 'ళ్ళ' చేశాను. ఇది ఒక్కటే నేను నిశ్చింతగా అన్నిచోట్లా ఒకేసారి మార్చింది. ముందు ఇది చేయకపోతే తర్వాతి జాబితా నిండా కళ్ళు–కళ్లు జంటలే వచ్చి అసలు తప్పులు వాటి మధ్య దాక్కుంటాయి.

ఆ తర్వాతి జాబితాయే ఈ పనికి వెన్నెముక. పుస్తకంలోని ప్రతి మాటనూ తీసుకుని, దానిలోని ళలన్నీ ల అనుకుంటే ఏ రెండు మాటలు ఒకటవుతాయో చూడటం:

```python
import re
from collections import defaultdict, Counter

d = defaultdict(Counter)
text = open('pustakam.txt', encoding='utf-8').read()
for m in re.findall(r'[\u0C00-\u0C7F\u200C]+', text):
    d[m.replace('ళ', 'ల')][m] += 1
for k in sorted(d):
    if 'ల' in k:
        print('*' if len(d[k]) > 1 else ' ', dict(d[k]))
```

ముందు నక్షత్రం గుర్తు ఉన్న ప్రతి వరుసలో ఒకే మాట రెండు రకాలుగా ఉందన్నమాట. కొన్నిటిలో ఒకటి తప్పు: రక్తనాళాలు–రక్తనాలాలు, గుళికలు–గులికలు, నీళ్ళు–నీల్లు. కొన్నిటిలో రెండూ నిజమైన మాటలే: కలలు–కళలు, వేలకు–వేళకు, కల్లు–కళ్ళు. ఈ రెండో రకం వచ్చినప్పుడు ప్రతిచోటా వాక్యం తెరిచి చూడాలి, దగ్గరి దారి లేదు. "మందు వేలకు వేసుకోవాలి" అన్నచోట వేళకు అని మార్చాలి. "ఆపరేషన్‌కు వేలకు వేలు అవుతుంది" అన్నచోట ముట్టుకోకూడదు. స్పెల్‌చెక్ ఇలాంటివి పట్టుకోదు, రెండూ దాని జాబితాలో ఉన్న మాటలే కాబట్టి.

'వే' కుటుంబం మీద కొంచెం ఆగాలి, అక్కడ నాలుగు మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వెయ్యికి బహువచనం వేలు. చేతికి ఉండేది కూడా వేలు, కానీ అది బహువచనంలో వేళ్ళు అవుతుంది. చెట్టు వేరుకు బహువచనం కూడా వేళ్ళే. సమయం అన్న అర్థంలో వేళ, దాని బహువచనం వేళలు. అంటే "వేళ్ళు" అని ఉంటే చేతివో చెట్టువో, "వేళలు" అని ఉంటే సమయాలు, "వేలు" అని ఉంటే ఒక వేలో చాలా వేల రూపాయలో. ఈ పుస్తకంలో "భోజన వేళ్ళల్లో" అని ఒకచోట ఉంది. ళ ఉంది కదా అని వదిలేస్తే పొరపాటే, అక్కడ ఒత్తు ఉండకూడదు: భోజన వేళల్లో.

జాబితాకు ఒక పరిమితి ఉంది. పుస్తకం మొత్తం ఒకేలా తప్పుగా ఉన్న మాటకు జంట దొరకదు, నక్షత్రం పడదు. 'బిల్లలు' అలాగే తప్పించుకుంది. అందుకే నక్షత్రం లేని వరుసలను కూడా మొదటి నుంచి చివరిదాకా కళ్ళతో చదివాను. అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి ఒకే మాట విభక్తి రూపాలన్నీ పక్కపక్కన చేరతాయి, చదవడం అనుకున్నంత కష్టం కాదు. వాక్యాల్లో చదివితే అర్థం మనల్ని ముందుకు తోసేస్తుంది, తప్పు కనబడదు. విడి మాటగా చూస్తే ఆగుతాం.

ఆగిన తర్వాత ఏది సరైనదో ఎలా తేల్చాలి? ఒక పేరా తీసుకుని చూపిస్తాను. మధుమేహం ఉన్నవాళ్ళ పాదాల సంరక్షణ గురించి ఫైలులో ఇలా ఉంది:

"రోజూ కాలి వేల్ల మధ్య తడి లేకుండా తుడుచుకోవాలి. గోల్లు మరీ లోపలికి కత్తిరించకూడదు. కాల్లల్లో తిమ్మిరి ఉంటే చిన్న ముళ్ళు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరి జ్వరం తాలలేక వచ్చేసరికి రక్తనాలాళ్ళో ప్రసరణ తగ్గి వేలు కుల్లిపోతూ ఉంటుంది."

'కాలి' సరైనదే. ఒక కాలు, దాని షష్ఠి రూపం కాలి. 'వేల్ల' తప్పు, చాలా వేళ్ళు కాబట్టి వేళ్ళ. అదే ఒక్క వేలి సంగతైతే 'కాలి వేలి గోరు' అని మూడు మాటల్లోనూ ళ ఉండదు. అన్నిటినీ బహువచనం చేస్తే 'కాళ్ళ వేళ్ళ గోళ్ళు' అని మూడిట్లోనూ ళ్ళ వస్తుంది. టైపిస్టులకు ఈ సూత్రం చెప్పాల్సి వస్తే నేను ఈ రెండు వరుసలే చెప్తాను.

దీని వెనక ఉన్న లెక్క ఇది. బహువచన ప్రత్యయం దాదాపు ఎప్పుడూ లు. మాట చివర డు, డి, రు, లు, ల్లు లాంటివి ఉంటే ఆ చివరి అక్షరమూ ఈ 'లు'వూ కలిసిపోయి చాలా మాటల్లో ళ్ళు అవుతాయి. కోడి కోళ్ళు, తాడు తాళ్ళు, ఊరు ఊళ్ళు, కీలు కీళ్ళు, ఇల్లు ఇళ్ళు, పిడికిలి పిడికిళ్ళు. ఇంగ్లీషు నుంచి వచ్చినవీ దీనికి లొంగుతాయి: ఫైలు ఫైళ్ళు, మైలు మైళ్ళు, స్కూలు స్కూళ్ళు. ఇలా కలిసిపోని మాటల్లో లు విడిగానే ఉంటుంది: తల తలలు, పిక్క పిక్కలు, నాళం నాళాలు. కాబట్టి 'రక్తనాలాళ్ళో' అన్నది రెండు తప్పులు. మూలంలో ళ ఉండాలి, చివర ల్లో ఉండాలి: రక్తనాళాల్లో. 'కాల్లల్లో'లో మొదటిది ళ్ళ, రెండోది ల్ల: కాళ్ళల్లో. చివరి ల్లో బహువచనం 'ల'కు 'లో' చేరి వచ్చింది, దానికి ళతో సంబంధం లేదు.

ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. పేరు ఇప్పటి రాతలో పేర్లు అవుతుంది కానీ పేళ్ళు కాదు. గాలి గాలులు, పులి పులులు, చిల్లు చిల్లులు. గోరుకు గోళ్ళతో పాటు గోర్లు కూడా వాడుకలో ఉంది. అందుకని సూత్రాన్ని ఒకవైపే వాడాలి: ళ్ళు ఎందుకు వచ్చిందో చెప్పడానికి పనికొస్తుంది, ప్రతి లు మాటకూ ళ్ళు పెట్టెయ్యడానికి కాదు.

అనుమానం వస్తే చూసుకోవడానికి ఇంకో మంచి గుర్తు ఉంది. ఇళ్ళను ఇండ్లు అని, పళ్ళను పండ్లు అని, కళ్ళను కండ్లు అని, ఏళ్ళను ఏండ్లు అని, ముళ్ళను ముండ్లు అని అనేవాళ్ళున్నారు. తెలంగాణలో ఇది రోజువారీ మాట. పెళ్ళికి పెండ్లి కూడా అంతే. ఒక మాటకు ండ్ల రూపం ఉందంటే అక్కడ ళ్ళ రాయడంలో సందేహమే అక్కర్లేదు. కళ్ళకలకను కండ్లకలక అంటారు, కాబట్టి మొదటిది ళ్ళ. 'కలక'కు అలాంటి రూపం లేదు. కలగడం, కలత, కలక అన్నీ లతోనే. తాగే కల్లును ఎవరూ కండ్లు అనరు. ఆ ఒక్క పరీక్షతో పుస్తకంలోని కల్లు–కళ్ళు గొడవ మొత్తం తేలిపోయింది.

పేరాలో మిగిలినవి చూద్దాం. 'తాలలేక' తప్పు, ఓర్చుకోవడం అన్న అర్థంలో క్రియ తాళు. 'కుల్లిపోతూ' తప్పు, కుళ్ళు. ఈ క్రియలకు బహువచనం సూత్రం పనిచేయదు. వెళ్ళు, కుళ్ళు, మళ్ళు, తుళ్ళు అన్నవి ళ్ళతో ఉన్న ధాతువులు. చెల్లు, అల్లు, చల్లు, వెల్లడించు అన్నవి ల్లతో ఉన్నవి. కాలువ నీళ్ళను మళ్ళిస్తారు, బిల్లు చెల్లిస్తారు. ఇవి తెలిసి ఉండాలి, లేకపోతే నిఘంటువు తెరవాలి. పళ్ళెం, గొళ్ళెం, కళ్ళెం, బిళ్ళ కూడా ఈ కోవలోవే.

'చిన్న ముళ్ళు గుచ్చుకున్నా' అన్నది నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. ముల్లు ఒకటి, ముళ్ళు చాలా. వాక్యం రెండు రకాలుగానూ చెల్లుతుంది. వ్యాకరణం ఏమీ తేల్చదు. రాసిన డాక్టరుగారిని అడిగితే ఒక్క చిన్న ముల్లు దిగినా తెలియదన్నదే తన ఉద్దేశమని చెప్పారు. ముల్లు అని మార్చాను. ఇలాంటిచోట ప్రూఫు చూసేవాళ్ళు తమకు తోచింది పెట్టకూడదు, వైద్యం పుస్తకంలో అసలు కూడదు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు వేరే పద్ధతిలో చూడాల్సి వచ్చింది. ఇక్కడ చదువుకున్నవాళ్ళు కూడా పప్పులో కాలేస్తారు. సంస్కృతంలో కలా, వేలా, మంగల అని ఉంది కదా, తెలుగులోనూ ల రాస్తే ఏం అంటారు. సంస్కృత నిఘంటువు దీనికి సాక్ష్యం కాదు. అక్కడ ల ఉన్న మాటలు తెలుగులోకి వచ్చేసరికి కొన్ని ళ పట్టాయి, కొన్ని పట్టలేదు. నాళం, గోళం, దళం, గళం, సరళం, ధవళం, పరిమళం, ప్రళయం, ఆందోళన, ప్రణాళిక, హేళన, ధూళి ళ పట్టినవి. ఫలం, బలం, మలం, జలం, మూలం, తైలం, కపాలం, కాలేయం, సకలం పట్టనివి. ఎందుకు ఇది ఇటు వెళ్ళింది, అది అటు వెళ్ళింది అని అడిగితే చేతికందే ఒక సూత్రం లేదు. పాత పద్యాల్లో ల–ళలకు అభేదం పాటించి ప్రాస కలిపిన సంప్రదాయం కూడా ఉంది. అందుకని పద్యంలో ఒక మాట లతో కనబడిందని ఈనాటి వచనంలో దాన్ని సరైన రూపంగా పెట్టలేం.

ఇక్కడ కొంతవరకు పనికొచ్చేది కుటుంబం పరీక్ష. మూలంలో ల ఉంటే మౌలికంలోనూ ల. మలంలో ల కాబట్టి మలినం, నిర్మలం, మలబద్ధకం అన్నీ ల. నాళంలో ళ కాబట్టి రక్తనాళం, శ్వాసనాళం, మూత్రనాళం అన్నీ ళ. కొన్నిచోట్ల ఈ పరీక్ష కూడా దారి తప్పిస్తుంది. కళలో ళ ఉంది, అదే కుదురులోని సకలం, వికలంలో ల ఉంది. పుస్తకంలో 'వికళాంగులు' అని కనబడింది ఆ పోలికతోనే. వికలాంగులు అని మార్చాను. సమయం అన్న అర్థంలో కాలం లతో, నలుపు అర్థంతో సంబంధం ఉన్న కాళి ళతో ఉంటాయి.

ఆఖరు పేజీల్లో చిన్న ప్రశ్నల భాగం ఉంది, దాని శీర్షిక 'ప్రశ్నావలి'. వరుస అన్న అర్థమున్న ఆవళి చేరిన మాటల్లో ళ ఉంటుంది: ప్రశ్నావళి, నియమావళి, దీపావళి. పుస్తకం మొదట్లో, చనిపోయిన ఒక వైద్యుడికి అంకితం రాస్తూ 'శ్రద్ధాంజళి' అన్నారు. అది అంజలి, ఆవళి కాదు: శ్రద్ధాంజలి, పుష్పాంజలి. ఆ కింది వాక్యంలోనే 'నివాలి' అని ఉంది, అది నివాళి. ఒకే పేజీలో ఈ రెండూ తారుమారు కావడం చాలా సంతాప సందేశాల్లో చూస్తాం.

నిఘంటువు చూసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివాటిని ఆంధ్రభారతి సైట్‌లో ఒకేచోట వెతకొచ్చు. అయితే 'కాళ్ళు' అని కొడితే ఆరోపం, అంటే నిఘంటువులో అర్థానికి ముందు ఇచ్చే మాట, దొరక్కపోవచ్చు, బహువచనం కాబట్టి. 'కాలు' అని వెతకాలి. నాళం అని కాక 'నాళము' అని వెతకాలి, పాత నిఘంటువుల్లో ఆరోపాలు ముతో ఉంటాయి. పుస్తకం పేజీలు తిప్పి చూసేవాళ్ళు వర్ణమాలలో ళ హ తర్వాత వస్తుందని గుర్తుంచుకోవాలి. కంప్యూటర్ వరుసలో మాత్రం ల పక్కనే ళ ఉంటుంది. నేను ఒక్క నిఘంటువులో దొరకగానే ఆగను. రెండు మూడింటిలో ఒకే రూపం ఉంటే నిశ్చింత. ఒకదానిలో లతో, ఇంకోదానిలో ళతో ఉంటే అది తప్పొప్పుల లెక్కలోంచి బయటికి వచ్చి, ఏ రూపం ఎంచుకోవాలన్న నిర్ణయం అవుతుంది. మెలకువ అలాంటి మాట. మెలకువ, మెళకువ రెండూ వాడుకలో ఉన్నాయి. ఈ పుస్తకంలో నిద్ర లేవడం గురించి చెప్పినచోట మెలకువ అనీ, పనిలో నేర్పు అన్న అర్థంలో మెళకువలు అనీ ఉంచాను. ఆ సంగతి చిన్న కాగితం మీద రాసి ఫైలుతో పాటు పంపాను, తర్వాతి ముద్రణ దిద్దేవాళ్ళు మళ్ళీ తిరగెయ్యకుండా.

పొరుగు భాషలు చూసి తేల్చేయడం ఇంకో ఉచ్చు. కన్నడం తెలిసిన మిత్రుడొకరు ముల్లు అన్నది తప్పు, ఒక్కదానికైనా ముళ్ళే అన్నారు. కన్నడంలో ఒక్కటైనా ముళ్ళు అనే అంటారు, నిజమే. కానీ వాళ్ళ హళ్ళి మనకు పల్లె అయింది, పళ్ళె కాలేదు. రెండు భాషలకూ మూలం ఒకటైనా ళ్ళ ఉన్నచోట తెలుగు చాలా మాటల్లో ల్ల పట్టింది. మన ఇప్పటి ళ్ళలు ఎక్కువ భాగం ఆ తర్వాత డ, ర, ల, ండ లాంటివి లుతో కలిసి ఏర్పడ్డవి. అందుకని పొరుగు భాషలో ళ ఉందన్నది ఆసక్తి కలిగించే విషయమే తప్ప ప్రూఫు దిద్దడానికి ఆధారం కాదు.

చెవిని నమ్మొచ్చా అంటే, సరైన మనిషి చెవినైతే నమ్మొచ్చు. ల పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక చిగురుకు తగులుతుంది. ళ పలికేటప్పుడు కొన వెనక్కి మడిచి అంగిలికి తగులుతుంది. ఈ రెండూ మామూలు మాటల్లో విడిగా పలికేవాళ్ళు ఇంట్లో ఒకరున్నా చాలు. వాళ్ళను 'ఇది ల నా, ళ నా' అని మాత్రం అడగకూడదు. అలా అడిగితే ఎవరైనా ఆలోచనలో పడి నాలుక ఎక్కువే మడుస్తారు. 'ఒక కీలు, రెండు?' అని అడిగి వాళ్ళు చెప్పేది వినాలి. కలకలం, కళకళ లాంటివి ఈ పద్ధతిలో తేలిగ్గా తేలతాయి: "వార్డులో కలకలం రేగింది", "బిడ్డ ముఖం కళకళలాడుతోంది". మిలమిల, గలగల, విలవిల, వెలవెల అన్నీ లతో, తళతళ మాత్రం ళతో. ఇవి చూపుతో కన్నా వినికిడితో గుర్తుండే మాటలు.

పాఠమంతా అయ్యాక ఆఖరి ప్రూఫు తీసి చూస్తే బొమ్మలు మిగిలాయి. మోకాలి కీలు బొమ్మ మీద బాణం గుర్తుతో 'రక్తనాలం' అని, పక్కన 'కీల్ల మధ్య ద్రవం' అని ఉన్నాయి. అవి బొమ్మలోనే రాసిన మాటలు, నేను నడిపిన వెతుకులాట దేనికీ అందవు. బొమ్మలు వేసినవారికి ప్రతి బొమ్మకూ పేజీ నంబరు, ఉన్న మాట, ఉండాల్సిన మాట రాసి పంపాను. మారిన బొమ్మలు వచ్చాక వాటిని ఫైలులో పెట్టి, ఆ పేజీలను మళ్ళీ కాగితం మీద తీసి చదివాను. బొమ్మ మార్చేటప్పుడు 'మోకాలి'ని కూడా 'మోకాళి' చేసేశారు, దాన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది.